డీకంపోజిషన్ గ్రాఫ్ చదవడం ఎలా: కింది ప్యానెల్ నుంచి మొదలుపెట్టండి

నెలనెలా వచ్చే అంకెల వరుసను డీకంపోజ్ చేస్తే, అంటే భాగాలుగా విడగొడితే, నాలుగు ప్యానెళ్ల గ్రాఫ్ వస్తుంది. పైన అసలు డేటా, దాని కింద దీర్ఘకాలపు పోకడ చూపే ట్రెండ్, తర్వాత ఏటా తిరిగొచ్చే ఆటుపోట్లు చూపే సీజనల్, అట్టడుగున ఈ రెండూ తీసేశాక ఉండే మిగులు. చాలామంది పైనుంచి కిందికి చదువుతారు. ట్రెండ్ పెరుగుతోందని, ఏటా ఒకేలాంటి ఆటుపోట్లు ఉన్నాయని రాసుకుంటారు. మిగులు ప్యానెల్‌లో చుక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి కాబట్టి దాన్ని వదిలేస్తారు. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. పై మూడు ప్యానెళ్లను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది ఆ అడుగు ప్యానెలే. ముందు దాన్ని చదవండి, అది సరిగ్గా ఉందని తేలాకే పైకి రండి.

దీన్ని ఒక నిజమైన డేటా మీద చేసి చూద్దాం. ఎయిర్‌ప్యాసెంజర్స్ అనే పాత డేటా టైమ్ సిరీస్ నేర్చుకునే ప్రతివాళ్లకీ ఎక్కడో ఒకచోట తగులుతుంది. 1949 జనవరి నుంచి 1960 డిసెంబర్ దాకా నెలకు ఎంతమంది అంతర్జాతీయ విమాన ప్రయాణాలు చేశారో అందులో ఉంటుంది. మొత్తం 144 నెలలు, అంకెలు వేలల్లో. మొదటి నెలలో 112, అంటే లక్షా పన్నెండు వేల మంది. చివరి నెలలో 432.

మొదటి అడుగు: గ్రాఫ్ తెప్పించండి

పైథాన్ నోట్‌బుక్‌లో statsmodels, matplotlib ఉంటే ఇది చాలు. డేటా నెట్ నుంచి దిగుతుంది కాబట్టి కనెక్షన్ ఉండాలి.

```python
import pandas as pd
import statsmodels.api as sm
from statsmodels.tsa.seasonal import seasonal_decompose

d = sm.datasets.get_rdataset("AirPassengers").data
s = pd.Series(d["value"].values,
    index=pd.date_range("1949-01", periods=144, freq="MS"))
r = seasonal_decompose(s, model="additive", period=12)
r.plot()
```

ఇక్కడ కావాలనే `additive` పెట్టాను, అంటే కూడిక పద్ధతి. ప్రతి నెల అంకె = ట్రెండ్ + సీజనల్ + మిగులు అని ఈ పద్ధతి అనుకుంటుంది. ఈ డేటాకు అది సరిపోదు. సరిపోనప్పుడు గ్రాఫ్ ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే, మీ సొంత డేటాలో అలాంటిది ఎదురైనప్పుడు వెంటనే గుర్తుపడతారు.

లోపల జరిగేది క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయే చిక్కులన్నీ ఇక్కడినుంచే పుడతాయి. ఒక నెల ట్రెండ్ కావాలంటే ఆ నెలకు ముందు ఆరు, వెనక ఆరు, ఆ నెలతో కలిపి మొత్తం 13 నెలలు తీసుకుని సగటు కడుతుంది. మొదటి నెల, పదమూడో నెల రెండూ ఒకే నెల పేరు కదా (రెండూ జనవరి, లేదా రెండూ మే), అందుకని వాటికి సగం బరువే ఇస్తుంది. ఇలా చేస్తే సగటులో ప్రతి నెలకూ సమాన వాటా వచ్చి, సీజన్ ప్రభావం చెరిగిపోతుంది. తర్వాత అసలు అంకెలోంచి ట్రెండ్ తీసేస్తుంది. మిగిలినవాటిలో జులైలన్నిటికీ ఒక సగటు, నవంబర్‌లన్నిటికీ ఒక సగటు కడుతుంది. ఆ పన్నెండు సగటులే సీజనల్. అదీ తీసేశాక ఉన్నదే మిగులు.

రెండో అడుగు: పక్కనున్న అంకెలు చూడండి, ఆకారం కాదు

గ్రాఫ్ రాగానే కన్ను గీతల వెంట పోతుంది. దాన్ని ఆపి ముందు ప్రతి ప్యానెల్ ఎడమ అంచున ఉన్న అంకెలు చదవండి. నాలుగు ప్యానెళ్లకూ స్కేలు వేరువేరు. ప్రతి ప్యానెల్‌నూ దాని ఎత్తంతా నిండేలా సాగదీసి గీస్తారు. అందుకే రెండు యూనిట్ల చిన్న కదలిక, రెండొందల యూనిట్ల పెద్ద కదలిక పేజీ మీద ఒకే ఎత్తులో కనిపిస్తాయి.

మన గ్రాఫ్‌లో ట్రెండ్ 127 దగ్గర మొదలై 475 దాకా పోతుంది. సీజనల్ దాదాపు −54 నుంచి +64 మధ్య ఆడుతుంది. ఇప్పుడు మిగులు చూడండి. అటు నలభైలు దాటి కిందికి, ఇటు అరవై దాకా పైకి ఉంది. అంటే మిగులు పరిధి సీజనల్ పరిధికి ఇంచుమించు సమానం! ఏటా జులై, ఆగస్టుల్లో జనం ఎగబడతారని అంత స్పష్టంగా కనిపించే డేటాలో, వివరణ లేని భాగం సీజన్ అంత పెద్దగా ఉందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. స్కేలు చదవకపోతే ఈ అనుమానమే రాదు.

ఆర్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. `stl` గ్రాఫ్‌లో ప్రతి ప్యానెల్ కుడి అంచున బూడిదరంగు కడ్డీ ఒకటి ఉంటుంది. కడ్డీలన్నీ డేటా లెక్కలో ఒకే పొడవు. ఒక ప్యానెల్‌లో కడ్డీ పెద్దగా కనిపిస్తే ఆ ప్యానెల్‌ను బాగా సాగదీశారని, అంటే అసలు కదలిక చిన్నదని అర్థం. కొత్తవాళ్లు పెద్ద కడ్డీని పెద్ద ప్రభావం అనుకుంటారు, కానీ అది సరిగ్గా వ్యతిరేకం.

మూడో అడుగు: మిగులులో ఆకారం వెతకండి

విభజన సరిగ్గా జరిగితే మిగులు చుక్కలకు ఏ పద్ధతీ ఉండకూడదు. సున్నా గీతకు పైనా కిందా అడ్డదిడ్డంగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పులో పడాలి. మన గ్రాఫ్‌లో అలా లేదు. ఎడమ చివర చుక్కలు దూరదూరంగా ఉన్నాయి, మధ్యలో 1954-55 దగ్గర గీతకు అతుక్కుపోయాయి, కుడి చివర మళ్లీ విచ్చుకున్నాయి. రెండు కొసలా వెడల్పు, నడుమ సన్నం. ఈ ఆకారం కనిపిస్తే ఆగి, ఒక్కొక్క నెలను విడిగా చూడండి.

```python
r.resid[r.resid.index.month == 7]
```

ఇది జులైల మిగులును మాత్రమే చూపిస్తుంది. 1949 జులైని చేత్తోనే లెక్కేద్దాం. ఆ నెల ప్రయాణికులు 148. ట్రెండ్ 126.8. జులై సీజనల్ 63.8. 148లోంచి ఈ రెండూ తీసేస్తే మిగులు −42.6. ఇక 1959 జులై: ప్రయాణికులు 548, ట్రెండ్ 430.7, సీజనల్ మళ్లీ అదే 63.8, మిగులు +53.5. మొదట పెద్ద మైనస్, చివర పెద్ద ప్లస్.

నవంబర్‌ను తీసుకుంటే దీనికి అద్దంలో బొమ్మలా ఉంటుంది. నవంబర్ సీజనల్ −53.6, ఏడాది మొత్తంలో అతి తక్కువ. 1949 నవంబర్‌లో 104 వేల మంది, ట్రెండ్ 129, మిగులు +28.6. 1959 నవంబర్‌లో 362, ట్రెండ్ 445.8, మిగులు −30.2.

కారణం తేలిగ్గానే కనిపిస్తుంది. 127 వేల మంది ప్రయాణించే రోజుల్లో జులైలో అదనంగా వచ్చింది 21 వేల మంది. 430 వేల మంది ప్రయాణించే రోజుల్లో అదనంగా వచ్చింది 117 వేల మంది. కూడిక పద్ధతి ఈ రెండిటికీ, మధ్యలో ఉన్న అన్ని జులైలకూ కలిపి 64 అని ఒకే అంకె కట్టబెట్టింది. తొలి ఏళ్లకు అది మరీ ఎక్కువ, చివరి ఏళ్లకు మరీ తక్కువ. మధ్య ఏళ్లకు మాత్రం సరిపోయింది, అందుకే నడుమ సన్నగా ఉంది. సీజన్‌లో పట్టని భాగమంతా మిగులులోకి వచ్చి పడింది. ఇదంతా తెలిశాక పై ప్యానెల్‌ను మళ్లీ చూడండి. అసలు డేటాలో అలల ఎత్తు ఏడాదికేడాది పెరుగుతూ ఉంది, సీజనల్ ప్యానెల్‌లో మాత్రం అన్ని అలలూ ఒకే ఎత్తు. ఈ రెంటి మధ్య పొంతన లేకపోవడమే మిగులులో బయటపడింది.

నాలుగో అడుగు: పద్ధతి మార్చి మళ్లీ గీయండి

ఇప్పుడు `model="multiplicative"` అని పెట్టండి. ఇది గుణకార పద్ధతి: అంకె = ట్రెండ్ × సీజనల్ × మిగులు. ఇక్కడ సీజనల్, మిగులు ప్యానెళ్లు సున్నా చుట్టూ కాకుండా 1 చుట్టూ ఉంటాయి. 1.23 అంటే ట్రెండ్ కంటే 23% ఎక్కువ, 0.80 అంటే 20% తక్కువ. అన్నట్టు, డేటాలో సున్నాలు గానీ మైనస్ అంకెలు గానీ ఉంటే ఈ పద్ధతి నడవదు.

అవే నాలుగు నెలలను మళ్లీ లెక్కేద్దాం. నవంబర్ సీజనల్ ఇప్పుడు 0.801. 1949 నవంబర్ మిగులు 1.006, 1959 నవంబర్ మిగులు 1.013. రెండూ 1కి దగ్గరే, తిరగబడటం పోయింది. నవంబర్ బాగా కుదిరింది. జులై సీజనల్ 1.227. 1949 జులై మిగులు 0.952, 1959 జులై మిగులు 1.037. ముందుకంటే చాలా నయం, కానీ మొదట తక్కువ, చివర ఎక్కువ అనే వాలు పూర్తిగా పోలేదు.

ఇక్కడితో సంతృప్తిపడి ఆగిపోకండి. ఆ వాలు నిజమైన విషయమే చెబుతోంది. 1949 జులైలో ప్రయాణికులు ట్రెండ్‌కు 1.17 రెట్లు, 1959 జులైలో 1.27 రెట్లు. అంటే జనం పెరిగినకొద్దీ అలలు పెద్దవి కావడమే కాదు, ఆ దశాబ్దంలో జులై వాటా కూడా పెరిగింది. `seasonal_decompose` అన్ని ఏళ్లకూ ఒకే పన్నెండు అంకెలు వాడుతుంది కాబట్టి ఈ మార్పు దానికి చిక్కదు, మిగులులోకే జారుతుంది. ఏడాదికేడాది సీజన్ నెమ్మదిగా మారనిచ్చేది ఎస్‌టీఎల్ అనే ఇంకో డీకంపోజిషన్ పద్ధతి.

```python
import numpy as np
from statsmodels.tsa.seasonal import STL

q = STL(np.log(s), period=12, seasonal=13, robust=True).fit()
q.plot()
```

ఎస్‌టీఎల్‌కు కూడిక తప్ప వేరే పద్ధతి తెలియదు. అందుకే ముందు లాగ్ తీసుకున్నాం, లాగ్‌లో గుణకారం కూడికగా మారుతుంది. అప్పుడు సీజనల్ ప్యానెల్‌లో 0.1 అంటే సుమారు 10% అని చదువుకోవాలి. `seasonal=13` అంటే ఒక జులైని తేల్చడానికి చుట్టుపక్కల పదమూడేళ్ల దాకా జులైలను, దగ్గరివాటికి ఎక్కువ బరువిచ్చి, చూస్తుందని అర్థం. ఈ అంకె బేసి సంఖ్య అయ్యుండాలి. దీన్ని బాగా తగ్గిస్తే సీజన్ ప్రతి ఏటి ఒడుదుడుకులనూ మింగేస్తుంది, మిగులు ప్యానెల్ అందంగా సన్నబడుతుంది. అది చూసి మురిసిపోవద్దు. మిగులు తగ్గడం మంచి విభజనకు రుజువు కాదు. నిజమైన కుదుపులు కూడా సీజన్ పేరు మీద దాక్కుని ఉండొచ్చు.

ఐదో అడుగు: ఒంటరి చుక్కలను క్యాలెండర్ పక్కన పెట్టండి

ఆకారం పోయాక మిగిలేవి ఒంటరిగా దూరంగా పడ్డ చుక్కలు. గుణకార గ్రాఫ్‌లో రెండు మార్చి నెలలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 1951 మార్చి మిగులు 1.09, అంటే ఉండాల్సినదానికంటే 9% ఎక్కువ. 1960 మార్చి 0.89, అంటే దాదాపు 11% తక్కువ. ఒకే నెల, రెండు వేర్వేరు ఏళ్లు, రెండు వ్యతిరేక దిశలు.

ఇలా కనిపిస్తే మొదటి అనుమానం తేదీ మారే పండగ మీద పెట్టండి. 1951లో ఈస్టర్ మార్చి 25న వచ్చింది. 1960లో ఏప్రిల్ 17న. ఈస్టర్ ప్రయాణాలు ఒక ఏడు మార్చిలో పడి, ఇంకో ఏడు ఏప్రిల్‌కు జరిగితే సరిగ్గా ఇలాంటి చుక్కలే వస్తాయి. కథ బాగా కుదిరింది కదా అని వెంటనే రాసేయకండి, ఎదురు ఉదాహరణ కోసం వెతకండి. 1959లోనూ ఈస్టర్ మార్చి 29నే వచ్చింది, కానీ ఆ మార్చి మిగులు 0.98 మాత్రమే. 1960 ఏప్రిల్ కూడా 1.01 దగ్గరే ఉంది, మార్చిలో తగ్గిన జనమంతా అక్కడ తేలలేదు. కాబట్టి ఈస్టర్‌కు పాత్ర ఉండొచ్చు గానీ, ఆ రెండు చుక్కల దూరమంతా దాని ఖాతాలో వేయలేం. డీకంపోజిషన్ గ్రాఫ్ ఏ నెలను తవ్వాలో చూపిస్తుంది, కారణం చెప్పదు.

మన దేశపు డేటాలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. సంక్రాంతి ఎప్పుడూ జనవరిలోనే కాబట్టి నెలవారీ లెక్కలో బుద్ధిగా సీజనల్‌లో కూర్చుంటుంది. దీపావళి అలా కాదు. 2022లో అక్టోబర్ 24న, 2023లో నవంబర్ 12న, 2024లో అక్టోబర్ 31న వచ్చింది. బట్టల షాపు అమ్మకాలో, స్వీట్ల అమ్మకాలో డీకంపోజ్ చేస్తే అక్టోబర్, నవంబర్ రెండిటికీ సగంసగం పండగ అంటగట్టినట్టు సీజనల్ వస్తుంది. మిగులులో అక్టోబర్ పైకి పోయిన ఏడు నవంబర్ కిందికి, నవంబర్ పైకి పోయిన ఏడు అక్టోబర్ కిందికి ఉంటాయి. పక్కపక్క నెలల్లో ఇలా జంటగా వ్యతిరేక చుక్కలు పడితే అది కదిలే పండగ గుర్తు. రంజాన్ అయితే ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తూ పోతుంది, కొన్నేళ్లలో సీజన్ నుంచి సీజన్‌కే మారిపోతుంది. ఇలాంటిచోట అక్టోబర్, నవంబర్‌లను కలిపి ఒకటిగా చూడటమో, పండగ పడ్డ నెలలను విడిగా గుర్తుపెట్టి లెక్కగట్టడమో చేయాలి. డీకంపోజిషన్ దానంతటది ఇది చేయదు.

ఆరో అడుగు: ఇప్పుడు సీజనల్‌కు రండి

మిగులు శాంతించాక సీజనల్ ప్యానెల్‌లో ఒక్క ఏడాది చదివితే చాలు, ఎస్‌టీఎల్ అయితే మొదటి ఏడు, చివరి ఏడు పోల్చండి. మన డేటాలో జులై 1.23, ఆగస్టు 1.22 శిఖరాలు, నవంబర్ 0.80 అడుగు. ఈ అంకెలను ట్రెండ్‌తోనే పోల్చాలి, ముందు నెలతో కాదు. సెప్టెంబర్ 1.06. ఆగస్టు నుంచి గీత నిట్టనిలువుగా పడుతుంది కాబట్టి సెప్టెంబర్ మందకొడి నెల అనిపిస్తుంది. కానీ అది ఇంకా సగటు కంటే 6% పైనే ఉంది.

ఫిబ్రవరి 0.884 అని ఉంటుంది. ఫిబ్రవరిలో జనానికి ప్రయాణాలంటే ఇష్టం లేదా? 28 రోజుల నెల సగటు నెలలో 92 శాతమే. అంటే ఆ 12% తగ్గుదలలో పెద్ద భాగం రోజులు తక్కువ కావడం వల్లే. మొత్తాల మీద నడిచే ఏ డేటాకైనా (అమ్మకాలు, కరెంటు యూనిట్లు, టికెట్లు) ముందే నెల రోజులతో భాగించి రోజు సగటు చేసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఇంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. సీజన్ అనేదే లేని డేటా ఇచ్చినా ఈ ప్యానెల్‌లో ముచ్చటైన అలలు వస్తాయి. నమ్మకపోతే వట్టి యాదృచ్ఛిక అంకెలు పెట్టి చూడండి.

```python
z = pd.Series(np.random.default_rng(1).normal(size=144),
              index=s.index)
seasonal_decompose(z, period=12).plot()
```

పన్నెండు నెలలకోసారి అచ్చు గుద్దినట్టు తిరిగొచ్చే ఆకారం కనిపిస్తుంది. కనిపించక తప్పదు మరి, పన్నెండు సగటులు కట్టి వాటినే పన్నెండుసార్లు పక్కపక్కన పేర్చింది కాబట్టి. సీజనల్ ప్యానెల్ నీటుగా ఉండటం సీజన్ ఉందనడానికి సాక్ష్యం కానే కాదు. మళ్లీ స్కేలు దగ్గరికే వెళ్లాలి. యాదృచ్ఛిక అంకెల గ్రాఫ్‌లో సీజనల్ పరిధి మిగులు పరిధి కంటే బాగా చిన్నగా ఉంటుంది. విమాన ప్రయాణికుల గుణకార గ్రాఫ్‌లో సీజనల్ 0.80 నుంచి 1.23 దాకా, మిగులు సుమారు 0.9 నుంచి 1.1 దాకా. అక్కడ సీజన్ నిజం. మీ చేతిలో రెండు మూడేళ్ల డేటానే ఉంటే ఈ పోలిక కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే రెండు జులైల సగటు ఆ రెండిటికీ దగ్గరగానే ఉండి మిగులును కృత్రిమంగా తగ్గిస్తుంది. కనీసం ఐదారేళ్లు లేకుండా నేనైతే సీజనల్ గురించి గట్టిగా ఏమీ రాయను.

ఏడో అడుగు: చివరగా ట్రెండ్

ఎయిర్‌ప్యాసెంజర్స్ ట్రెండ్ పైకి పోతోందని చెప్పడానికి ఏ గ్రాఫూ అక్కర్లేదు. చూడాల్సింది వాలు ఎక్కడ మారిందన్నది. 1958 దగ్గర గీత కాస్త చదునవుతుంది. ఏడాది సగటులు వేసి చూస్తే అర్థమవుతుంది: 1956లో నెలకు 328, 1957లో 368, 1958లో 381, 1959లో 428. నలభై పెరిగి, పదమూడే పెరిగి, మళ్లీ నలభై ఏడు పెరిగింది. అసలు డేటాలో ఇది అలల మధ్య కలిసిపోయి సరిగ్గా కనబడదు, ట్రెండ్ ప్యానెల్ దాన్ని బయటికి తీసింది. అమెరికాలో 1957 ఆగస్టు నుంచి 1958 ఏప్రిల్ దాకా ఆర్థిక మాంద్యం ఉంది. కాలం కలుస్తోంది. ఇంతకుముందు ఈస్టర్ విషయంలో పాటించిన జాగ్రత్తే ఇక్కడా పాటించి, కలుస్తోందని మాత్రమే అనండి.

గీత రెండు కొసలనూ గమనించండి. ట్రెండ్ 1949 జులైలో మొదలై 1960 జూన్‌తో ఆగిపోతుంది. అటు ఆరు నెలలు, ఇటు ఆరు నెలలు ఖాళీ. సగటుకు అటూఇటూ ఆరు నెలలు కావాలి, కొసల్లో అవి లేవు. మేనేజర్ అడిగేదేమో ఎప్పుడూ ఆ చివరి ఆరు నెలల గురించే! ఎస్‌టీఎల్ చివరి దాకా గీస్తుంది, కానీ కొస దగ్గర దానికి ఒక పక్క డేటానే ఉంటుంది. కొత్త నెలలు చేరినప్పుడు ఆ చివరి భాగం అటూఇటూ జరుగుతుంది. ఎంత జరుగుతుందో తెలుసుకోవాలంటే చివరి ఆరు నెలలు తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి గీయండి. రెండు ట్రెండ్ గీతల మధ్య ఎంత ఎడం వస్తుందో, ప్రస్తుత కొసను అంత అనుమానంతో చూడాలి.

ట్రెండ్ విషయంలో అందరినీ తప్పుదోవ పట్టించేది ఇంకొకటి ఉంది. సగటు రాబోయే నెలలను కూడా చూస్తుంది కాబట్టి, హఠాత్తుగా జరిగిన సంఘటన ట్రెండ్‌లో ముందుగానే కనిపిస్తుంది. మన దేశంలో 2020 మార్చి 25 నుంచి రెండు నెలల పాటు దేశీయ ప్రయాణికుల విమానాలు పూర్తిగా ఆగిపోయాయి. ఆ సంవత్సరాల నెలవారీ ప్రయాణికుల డేటాను ఇలాగే విడగొడితే ట్రెండ్ 2019 అక్టోబర్ కల్లా కిందికి వంగి ఉంటుంది, ఎందుకంటే అక్టోబర్ ట్రెండ్ లెక్కలో ఆరు నెలల తర్వాతి ఏప్రిల్ ఉంది. కోవిడ్‌కు ముందే ప్రయాణాలు తగ్గుముఖం పట్టాయని ఆ గీత చూసి ఎవరైనా రాస్తే, అది లెక్క పుట్టించిన తగ్గుదల.

దీన్ని పట్టుకునేదీ మిగులు ప్యానెలే. 2019 చివరి నెలల్లో అసలు అంకెలు మామూలుగానే ఉంటాయి, ట్రెండ్ మాత్రం దిగిపోతుంది. దాంతో ఆ నెలల మిగులు వరసగా గీతకు పైన పడుతుంది, లాక్‌డౌన్ నెలల మిగులు పాతాళంలో ఉంటుంది. లోతైన గుంటకు రెండు పక్కలా గట్లు లేచినట్టుండే ఆ ఆకారం కనిపిస్తే ట్రెండ్‌ను ఆ చుట్టుపక్కల చదవకండి. సీజనల్ కూడా చెడి ఉంటుంది. ఏప్రిల్, మే సగటుల్లోకి 2020 వచ్చి చేరడంతో మిగతా ఏళ్ల ఏప్రిల్, మే నెలలు కూడా నీరసమైనవిగా కనిపిస్తాయి. ఎస్‌టీఎల్‌లో `robust=True` ఒకటి రెండు నెలల దెబ్బను బాగానే తట్టుకుంటుంది గానీ, ఏడాదికి పైగా సాగిన ఆ కాలాన్ని తట్టుకోలేదు. అలాంటప్పుడు 2020 ఫిబ్రవరి దాకా ఉన్న డేటాను ఒక ముక్కగా, ప్రయాణాలు మళ్లీ గాడిలో పడ్డాక వచ్చిన డేటాను ఇంకో ముక్కగా విడివిడిగా డీకంపోజ్ చేయండి. రెండు ముక్కల సీజనల్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, జనం ప్రయాణించే నెలలు మారాయా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది.